జడ, హెల్మెట్, తలనొప్పి

మన తరగతిలో మూడో పీరియడ్ అయ్యేసరికి ఎవరో ఒకరు "ఏమే, తలనొప్పి మాత్ర ఉందా?" అని అడగడం మామూలే. అడిగినవాళ్ళు కారణాలు కూడా వాళ్ళే చెప్పేస్తారు. రాత్రి నిద్ర లేదు, పొద్దున టిఫిను తినలేదు, ఎండ ఎక్కువగా ఉంది, పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ తల మీద ఏముంది, జుట్టు ఎలా కట్టుకున్నాం అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఈ నెల గోడపత్రికకు నేను ఆ ప్రశ్ననే తీసుకున్నాను. తలను బయటినుంచి ఏదైనా నొక్కడం వల్లగానీ, జుట్టును లాగి కట్టడం వల్లగానీ వచ్చే తలనొప్పి గురించి ఈ పాఠం.

ఇది నేను కల్పించిన పేరు కాదు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం వారు తలనొప్పులన్నిటినీ వరసపెట్టి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చి, ఒక వర్గీకరణ తయారుచేశారు. 1988లో వచ్చిన మొదటి వర్గీకరణలోనే బయటి ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పికి చోటు దొరికింది. 2018లో వచ్చిన మూడవ కూర్పులో దీనికి 4.6 అని నంబరు. అందులో మళ్ళీ రెండు రకాలు. నొక్కడం వల్ల వచ్చేది 4.6.1, లాగడం వల్ల వచ్చేది 4.6.2. హెల్మెట్, ఈతకద్దాలు, బిగుతు హెయిర్‌బ్యాండు మొదటి రకం. ఎత్తుగా బిగించిన పోనీటెయిల్, కొప్పు రెండో రకం. తెలుగులో మొదటిదాన్ని నొక్కుడు నొప్పి, రెండోదాన్ని లాగుడు నొప్పి అని పిలుచుకుందాం. పేర్లు చిన్నగా ఉంటే గుర్తుంటాయి.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

వెంట్రుకకు నొప్పి తెలియదు. తెలిస్తే జుట్టు కత్తిరించుకున్న ప్రతిసారీ ఏడవాల్సిందే. మెదడుకూ నొప్పి తెలియదు. మెదడు కణజాలంలో నొప్పిని పట్టే నరాలు లేవు. మరి తల నొస్తోంది అంటే ఏది నొస్తోంది? ఈ రకం తలనొప్పిలో నొచ్చేది పుర్రెకు పైనున్న చర్మం, దాని కింద పాకే నరాలు.

అద్దంలో చూసుకుంటూ కనుబొమ మీద, ముక్కువైపు అంచుకు కొంచెం ఇవతల, వేలితో మెల్లగా నొక్కి చూడండి. ఎముక అంచులో చిన్న గాడిలాంటిది తగులుతుంది. అక్కడినుంచే ఒక నరం నుదుటిమీదికి ఎక్కి నడినెత్తి దాకా పోతుంది. చెవికి ముందునుంచి కణత మీదుగా ఇంకొక నరం పైకి పోతుంది. మెడ వెనక, జడ మొదలయ్యే చోటునుంచి మరొకటి పైకెక్కి తల వెనకభాగమంతా పరుచుకుంటుంది. వీటికి పైన దళసరి కండ ఏమీ లేదు. పలచటి చర్మం పైన, గట్టి ఎముక కింద. మధ్యలో ఇరుక్కున్న నరాన్ని ప్లాస్టిక్కు అంచో, సాగే పట్టీయో అరగంటసేపు నొక్కి ఉంచితే అది ఊరుకుంటుందా?

వెంట్రుకను లాగినప్పుడు జరిగేది వేరు. ప్రతి వెంట్రుక కుదురు చుట్టూ సన్నని నరాల కొసలు అల్లుకుని ఉంటాయి. చీమ పాకితే వెంట్రుక కదిలి మనకు తెలిసిపోవడం వాటివల్లనే. అన్ని వెంట్రుకలనూ ఒకే దిక్కుకు లాగి, రబ్బరు బ్యాండుతో కట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉంచితే ఆ కొసలన్నీ ఎడతెగకుండా మొర పెడుతూనే ఉంటాయి. "తల పీకుతోంది" అని మన ఇళ్ళలో అంటుంటారు కదా. ఈ రెండో రకానికి ఆ మాట అచ్చంగా సరిపోయింది.

ఈ నొప్పి సుకుమారంగా పెరిగిన పిల్లలకే వస్తుందని అనుకోవద్దు. బ్లా అనే వైద్యుడు 2004లో 93 మంది స్త్రీలను అడిగితే, వాళ్ళలో 50 మంది పోనీటెయిల్ కట్టుకుంటే తల నొస్తుందని చెప్పారు. అంటే సగానికి పైనే. కరోనా వచ్చిన 2020లో సింగపూరులో ఒక ఆసుపత్రి సిబ్బందిని 158 మందిని పరిశీలించారు. మాస్కు పట్టీలూ రక్షణ కళ్ళద్దాలూ గంటలకొద్దీ తగిలించుకోవలసి వచ్చినవాళ్ళు వీళ్ళు. వాళ్ళలో 128 మందికి అంతకుముందు లేని తలనొప్పి కొత్తగా పట్టుకుంది.

గడియారమే వైద్యుడు

ఈ తలనొప్పిని గుర్తుపట్టడానికి స్కాను అక్కరలేదు, రక్తపరీక్ష అక్కరలేదు. మూడు ప్రశ్నలు చాలు. ఎప్పుడు మొదలైంది? ఎక్కడ ఎక్కువగా ఉంది? తీసేశాక ఎంతసేపటికి తగ్గింది?

వర్గీకరణలో చెప్పిన గుర్తులు కూడా ఇవే. నొక్కుడు నొప్పి అయితే, నొక్కే వస్తువు పెట్టుకున్న గంటలోపల, అది తలమీద ఉండగానే మొదలవుతుంది. నొక్కిన చోటే అన్నిటికంటే ఎక్కువగా నొస్తుంది. ఆ వస్తువు తీసేశాక గంటలోపల పోతుంది. లాగుడు నొప్పి జుట్టు లాగి కట్టి ఉన్నంతసేపే వస్తుంది, లాగిన చోట ఎక్కువగా ఉంటుంది, విప్పితే గంటలోపల తగ్గుతుంది. ఇలా కనీసం రెండుసార్లు జరిగితేనే ఈ పేరు పెట్టాలి. ఒక్కసారికే తీర్పు చెప్పకూడదు.

చదివితే ఇంత సులువా అనిపిస్తుంది. కానీ మన రోజువారీ జీవితంలో ఒక చిక్కుంది. తలమీద ఒక్కటే వస్తువు ఉంటే కనిపెట్టడం తేలిక. మనకు హెల్మెట్ ఉంటుంది, దానికింద చున్నీ ఉంటుంది, చున్నీ కింద పోనీటెయిల్, దానికొక క్లిప్పు, క్లిప్పు పక్కన మల్లెపూలు. హెల్మెట్ తీసినా నొప్పి తగ్గకపోతే "హెల్మెట్ వల్ల కాదు" అనుకుంటాం. లేదా నొప్పంతా హెల్మెట్ మీదికే తోసి "రేపటినుంచి హెల్మెట్ పెట్టుకోను" అంటాం. రెండూ తొందరపాటే. ఎందుకో చెప్పడానికి ఒక స్నేహితురాలి వారం లెక్క ఇక్కడ రాస్తున్నాను. రాయమని ఆమే చెప్పింది, పేరు మాత్రం వద్దంది.

ఒక వారం లెక్క

ఆమె తిరువొత్తియూరు నుంచి టి.హెచ్. రోడ్డు మీదుగా స్కూటీలో వాషర్‌మెన్‌పేట్ వస్తుంది. లారీలు, సిగ్నళ్ళు కలిపి అరగంట పైనే పడుతుంది. ఎత్తుగా పోనీటెయిల్, దాని మీద హెల్మెట్. చేరేసరికి తలనొప్పి, సాయంత్రం దాకా తలనొప్పి. వారానికి నాలుగైదు మాత్రలు మింగేది. "నేనిక హెల్మెట్ మానేస్తానే" అని ఒకరోజు గట్టిగా అనేసింది. "మానేముందు ఒక వారం రాసిచూడు. ఒక్కోరోజు ఒక్కటే మార్చు" అన్నాను. నోటుపుస్తకం వెనక పేజీలో అయిదు గళ్ళు గీసింది: పెట్టుకున్న వేళ, నొప్పి మొదలైన వేళ, ఎక్కడ, తీసిన వేళ, తగ్గిన వేళ.

సోమవారం ఏమీ మార్చలేదు. 8.10కి హెల్మెట్ పెట్టుకుంది. 8.30కి నుదుటిమీద అడ్డంగా నొప్పి మొదలైంది. 8.45కి హెల్మెట్ తీసింది. 9.20కల్లా నుదుటి నొప్పి పోయింది. కానీ నడినెత్తి మీద, రబ్బరు బ్యాండు ఉన్నచోట నొప్పి మిగిలే ఉంది. సాయంత్రం 4 గంటలకు ఇంటికెళ్ళి జుట్టు విప్పాక అరగంటకు అదీ తగ్గింది. మంగళవారం కూడా దాదాపు ఇలాగే.

అంతకుముందు తనకున్నది ఒకే తలనొప్పి అనుకునేది. రాసి చూసేసరికి రెండని తేలింది. ఒకటి నుదుట, హెల్మెట్ తీసిన ముప్పావుగంటలో పోయేది. ఇంకొకటి నడినెత్తిన, జుట్టు విప్పితేగాని పోనిది. మొదటిది పోతున్న వేళకే రెండోది ముదిరి ఉంటుంది కాబట్టి ఆమెకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే నొప్పిలా తోచింది.

బుధవారం హెల్మెట్ అదే, జుట్టు మార్చింది. మెడ దగ్గర వదులుగా ఒక జడ. నుదుటి నొప్పి మామూలుగా వచ్చి 9.15కి పోయింది. నడినెత్తి నొప్పి రానేలేదు. గురువారం పోనీటెయిల్ కట్టి బస్సులో వచ్చింది. నుదుట ఏమీ లేదు. నడినెత్తి మాత్రం పదిన్నరకు మొదలై, మధ్యాహ్నం భోజనం వేళ జుట్టు వదులు చేసిన అరగంటకు ఆగింది.

అప్పటికి జుట్టు సంగతి తేలింది. ఇక హెల్మెట్ మిగిలింది. టైలరు టేపుతో తల కొలిచాం. 57 సెంటీమీటర్ల పైనే ఉంది. ఆమె హెల్మెట్ వెనక అంటించిన కాగితంలో 560 అని ఉంది. అది మిల్లీమీటర్లలో వేసే లెక్క. అంటే 56 సెంటీమీటర్ల తలకు చేసిన హెల్మెట్‌లో ఆమె ఇంకా పెద్ద తలను రోజూ దూరుస్తోంది. శుక్రవారం వాళ్ళ అన్నయ్య దగ్గరున్న 580 హెల్మెట్ అడిగి తెచ్చుకుంది. గట్టిగానే కూర్చుంది, ఊగలేదు. మెడ దగ్గర జడ, సరైన కొలత హెల్మెట్. ఆరోజు ఆ గళ్ళల్లో పెట్టుకున్న వేళ, తీసిన వేళ తప్ప ఇంకేమీ రాయాల్సిన పని పడలేదు.

కథ అక్కడితో ముగిస్తే చక్కగా ఉండేది. కానీ ఆదివారం ఇంట్లో జుట్టు విరబోసుకుని కూర్చున్నప్పుడు ఆమెకు తల ఒక పక్కన పోట్లు పొడిచింది. వెలుతురు చూడలేకపోయింది, వాంతి అయింది, రాత్రి దాకా లేవలేదు. తలమీద ఏమీ లేకుండా వచ్చిన ఈ నొప్పి మన రెండు రకాల్లోనూ ఇమడదు. డాక్టరు దగ్గరికి వెళితే మైగ్రేన్ అన్నారు. మనవాళ్ళు పార్శ్వనొప్పి అంటారే, అది. మైగ్రేన్ ఉన్నవాళ్ళకు నొక్కుడు నొప్పి, లాగుడు నొప్పి తొందరగా వస్తాయనీ, బిగుతు ఎక్కువసేపు ఉంటే అదే మైగ్రేన్‌ను లేపవచ్చనీ ఆయన చెప్పారట. అలా లేచిన మైగ్రేన్ హెల్మెట్ తీసినా గంటలో పోదు, దాని దారిన అది నడుస్తుంది. వారం లెక్క రాయకపోతే ఈ మూడో నొప్పి కూడా ఆ రెండింటిలో కలిసిపోయి ఉండేది.

హెల్మెట్: వదులు కాదు, కొలత

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తలనొప్పి వస్తోందని హెల్మెట్ మానేయడం, పట్టీ పెట్టుకోకుండా ఊరికే తలమీద బోర్లించుకోవడం రెండూ సమాధానాలు కావు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెట్ తప్పనిసరి అంటుంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2015 జూలై 1 నుంచి తమిళనాడులో బండి నడిపేవాళ్ళతోపాటు వెనక కూర్చునేవాళ్ళ విషయంలో కూడా దీన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. చట్టం మాట పక్కన పెట్టినా, టి.హెచ్. రోడ్డులో హార్బరు కంటెయినరు లారీల మధ్య నడిచే స్కూటీకి ఇంకో రక్షణ ఏముంది?

కాబట్టి మార్చవలసింది కొలత. టేపును కనుబొమలకు ఒక అంగుళం పైన పెట్టి, చెవుల మీదుగా తిప్పి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటి మీదుగా తెచ్చి కలపాలి. రెండుసార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోండి. అంగట్లో 560, 580, 600 అని మిల్లీమీటర్లలో ఉంటాయి. ఐఎస్ఐ గుర్తు ఉందా అని చూడండి.

కొలత సరిపోయినా ఆకారం సరిపోకపోవచ్చు. కొందరి తల ముందునుంచి వెనక్కి పొడుగు, కొందరిది గుండ్రం. పొడుగు తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదుటినీ తల వెనకనూ నొక్కుతుంది, పక్కల్లో ఖాళీగా ఉంటుంది. గుండ్రటి తలకు పొడుగు హెల్మెట్ పెడితే రెండు కణతలనూ నొక్కుతుంది. అందుకే అంగట్లో పెట్టుకుని వెంటనే తీసేయకూడదు. పట్టీ బిగించుకుని పది పదిహేను నిమిషాలు అలాగే ఉండండి. అంగడాయన విసుక్కున్నా ఫరవాలేదు. తరవాత తీసి అద్దంలో చూసుకోండి. బుగ్గలు, తల చుట్టూ సమంగా ఒత్తుకున్నట్టుంటే మంచిదే. నుదుటి మధ్యలోనో కణతలోనో ఒకేచోట ఎర్రటి గుర్తు పడి, అక్కడ నొప్పిగా ఉంటే అది మీ హెల్మెట్ కాదు, ఇంకొకటి చూడండి.

"కొత్తది కదా, వాడితే వదులవుతుంది" అని అంగట్లో చెప్తారు. అది సగం నిజం. లోపల రెండు పొరలు ఉంటాయి. చర్మానికి తగిలే మెత్తటి గుడ్డ, స్పాంజి పొర కొన్ని వారాల్లో అణుగుతుంది. కాబట్టి బుగ్గల దగ్గర బిగుతు తగ్గుతుంది. దానివెనక తెల్లటి థర్మాకోలులాంటి గట్టి పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు నలిగి తలను కాపాడేది అదే. మామూలుగా వాడితే అది అణగదు. నుదుట నొక్కేది ఆ గట్టి పొరైతే ఏడాది వాడినా అలాగే నొక్కుతుంది. దాన్ని గీకడం, చెక్కడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. కాపాడే పొరను మన చేత్తో మనమే తీసేసినట్టవుతుంది.

మరీ వదులైనా పనికిరాదు. పట్టీ బిగించి, హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిలిస్తే నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగిపోతే అది పెద్దది. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే వదులు వద్దు.

ఇక హెల్మెట్ కింద ఏముంది అన్నది. ఎత్తు పోనీటెయిల్, కొప్పు, పెద్ద క్లిప్పు, పూలు, ఇవేవీ హెల్మెట్ లోపల ఉండకూడదు. కొప్పు ఉంటే హెల్మెట్ సరిగా దిగదు, ముందుకు వాలి నుదుటిని నొక్కుతుంది. ప్లాస్టిక్కు క్లిప్పు ఒక్కచోట గుచ్చుకుంటుంది, ప్రమాదం జరిగితే గాయమే చేస్తుంది. పూలు కాలేజీకి వచ్చాక పెట్టుకోవచ్చు, డబ్బాలో తెచ్చుకుంటే వాడవు. ఎండకూ దుమ్ముకూ చున్నీ చుట్టుకునేవాళ్ళు ముడి ఎక్కడ పడుతోందో చూసుకోండి. తల వెనక ముడి వేస్తే, మెడనుంచి పైకెక్కే నరం మీద హెల్మెట్ ఆ ముడిని అదుముతుంది. ఒక్క పొరగా పలచటి నూలుగుడ్డ కట్టి, కొసలు మెడ కింద దోపుకుంటే చాలు. రోజూ గుడ్డ కట్టుకునేవాళ్ళు హెల్మెట్ కొనేటప్పుడు కూడా అది కట్టుకునే కొలత చూసుకోవాలి.

జుట్టు: ఎక్కడ కడతాం, ఎంత బిగిస్తాం

బారు జడకు బరువు ఉంటుంది. ఆ బరువు మెడ దగ్గర మొదలైతే వీపు మీద వాలి కొంత అక్కడే ఆగుతుంది. నడినెత్తి మీద కడితే మొత్తం బరువు రబ్బరు బ్యాండు చుట్టూ ఉన్న కాస్తంత చర్మానికే వేలాడుతుంది. అందుకే కట్టే చోటు కిందికి దించడమే మొదటి మందు. మెడ దగ్గర ఒక జడ, లేదా బరువు పంచుకునేలా రెండు జడలు.

రెండోది బిగువు. అద్దంలో పాపిట పక్కన, కణతల దగ్గర చూడండి. చర్మం లేచి చిన్న చిన్న గుడారాల్లా కనిపించినా, కనుబొమలు పైకి లాగినట్టున్నా బిగువు ఎక్కువైనట్టే. జడ వేసుకున్నాక రెండు అరచేతులూ తలకు ఆనించి, జుట్టును వేళ్ళతో నుదుటివైపు కొంచెం తోయండి. సడలి కూర్చుంటుంది, జడ ఊడిపోదు. సన్నటి రబ్బరు బ్యాండుకు బదులు గుడ్డ చుట్టిన వెడల్పు బ్యాండు వాడితే పట్టు ఒకేచోట పడదు.

తలంటుకున్న రోజు ఇంకొక సంగతి. తడి జుట్టు పొడి జుట్టుకంటే ఎక్కువ సాగుతుంది. సాగినదాన్ని అలాగే బిగించి అల్లితే, ఆరేకొద్దీ అది మళ్ళీ కుదించుకుంటుంది. పొద్దున సరిపోయిన జడ పదకొండింటికి బిగుతవడానికి కారణం ఇదే. ఇంట్లో పెద్దవాళ్ళు తలంటిన రోజు జుట్టు విరబోసి, కొసలో ఒక్క ముడి వేసి వదిలేయడం అందానికో ఆచారానికో మాత్రమే కాదన్నమాట. కాలేజీకి టైమయిందంటే అలా వదులుగా జారుముడి వేసుకొచ్చి, ఆరాక జడ వేసుకోండి.

లాగుడు ఏళ్ళతరబడి సాగితే నొప్పితో ఆగదు. నుదుటి అంచున, కణతల దగ్గర వెంట్రుకలు ఊడి పలచబడతాయి. తొందరగా గమనించి బిగువు మానితే మళ్ళీ మొలుస్తాయి. కుదుళ్ళు పూర్తిగా దెబ్బతింటే మొలవవు. కాబట్టి నొప్పిని ముందుగా వచ్చిన హెచ్చరిక అనుకోవాలి.

మన విభాగంలో కూచిపూడి చేసేవాళ్ళున్నారు కాబట్టి సవరం గురించి రెండు మాటలు. సవరం, పూలజడ, జడగంటలు, రాకిడి అన్నీ కలిస్తే బరువు తక్కువేమీ కాదు. ఆ బరువునంతా నడినెత్తి ముడికి తగిలించకుండా, సవరాన్ని మెడ దగ్గర సొంత జడలో కలిపి అల్లుకుంటే అది జడ మీద పడుతుంది, చర్మం మీద పడదు. పిన్నులు జుట్టులోకి దిగాలి, చర్మాన్ని గీరకూడదు. అలంకారం అంతా అయ్యాక చివరగా పూలజడ పెట్టించుకోండి. ఆట అయ్యాక ఫోటోలకు నిలబడేముందే బరువు నగలు కొన్ని తీసేయండి. ఆ రెండు గంటలు తగ్గితే నొప్పి చాలా తగ్గుతుంది.

ప్లాస్టిక్కు హెయిర్‌బ్యాండు సంగతి చిన్నదే. దాని రెండు కొసలు చెవుల వెనక గుచ్చుకుంటాయి. తీసి చూస్తే అక్కడ గుంట పడి ఉంటుంది. గుంట పడితే అది మీ తలకు చిన్నది. కొసలు మెత్తగా ఉన్న గుడ్డ బ్యాండు తీసుకోండి.

ఈతకద్దాలు

మెరీనా ఈతకొలనుకో, వేళచ్చేరికో ఈతకు వెళ్ళేవాళ్ళకు ఇది. ఈ నొప్పికి ఈతకద్దాల తలనొప్పి అనే పేరు కూడా వాడుకలో ఉంది. నీళ్ళు లోపలికి వస్తున్నాయని పట్టీని ఇంకా ఇంకా బిగిస్తాం, కనుబొమ మీదున్న ఆ నరం నలుగుతుంది. నిజానికి నీళ్ళను ఆపేది పట్టీ కాదు, కంటిగుంట చుట్టూ సరిగ్గా కూర్చునే రబ్బరు అంచు. కొనేముందు పట్టీ వేసుకోకుండా అద్దాలను కళ్ళకు మెల్లగా అదిమి చేయి వదిలేయండి. ఒకటి రెండు క్షణాలు అతుక్కుని నిలబడితే అవి మీ ముఖానికి సరిపోయినట్టు. వెంటనే పడిపోతే ఎంత బిగించినా నీళ్ళు వస్తాయి. అంచు వెడల్పుగా, మెత్తగా ఉన్నవి తీసుకుంటే ఒత్తిడి పంచుకుంటుంది. గట్టుమీద కూర్చున్నప్పుడు అద్దాలను నుదుటిమీదికి ఎక్కించుకోకుండా తీసి చేతిలో పెట్టుకోండి.

మాత్ర ఎప్పుడు, డాక్టరు ఎప్పుడు

బిగుతు వల్ల వచ్చిన నొప్పికి మాత్ర మింగితే కారణం తలమీద అలాగే ఉంటుంది. రేపు మళ్ళీ నొప్పి, మళ్ళీ మాత్ర. ఇందులో దాగిన ప్రమాదం వేరే ఉంది. మామూలు నొప్పిమాత్రలను నెలకు 15 రోజులు, అంతకంటే ఎక్కువ, మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టవచ్చు. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు నెలకు 10 రోజులే హద్దు. మన సంచుల్లో తిరిగే మాత్రలను ఈ లెక్కతో ఒకసారి చూసుకోవాలి. మైగ్రేన్ ఉన్నవాళ్ళు ఈ లెక్కను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

అన్నీ తీసేసినా గంటలో తగ్గకపోతే అది ఈ పాఠంలోని తలనొప్పి కాకపోవచ్చు. ఒక్కసారిగా, మునుపెన్నడూ లేనంత తీవ్రంగా వచ్చిన నొప్పి, జ్వరంతోపాటు మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, స్పృహ తప్పడం, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, వీటిలో ఏది కనిపించినా జడ విప్పి చూద్దాంలే అని ఆగకండి. స్టాన్లీ ఆసుపత్రి మనకు దగ్గరే.

మిగతావాళ్ళు ఆ అయిదు గళ్ళూ నోటుపుస్తకం వెనక గీసుకోండి: పెట్టుకున్న వేళ, మొదలైన వేళ, ఎక్కడ, తీసిన వేళ, తగ్గిన వేళ. ఒక్కోరోజు ఒక్కటే మార్చండి. టేపు కావాలంటే మధ్యాహ్నం భోజనం వేళ నా దగ్గర అడగండి. హెల్మెట్ కూడా వెంట తెచ్చుకుంటే దాని వెనకున్న అంకె, మీ తల కొలత పక్కపక్కన పెట్టి చూద్దాం.